సుడులు చూసి కొన్న లాప్‌టాప్

వెంకటరామారావుకు మనుషుల ముఖాలు చదవడం వచ్చు. ఈ సంగతి ఆయన ఎవరితోనూ చెప్పుకోడు. ఎదుటివాళ్ళే గ్రహించాలని ఆయన కోరిక. పదిహేడేళ్ళుగా ఎవరూ గ్రహించలేదు.

భద్రాచలంలో ఒక ప్రైవేటు బి.ఎడ్. కాలేజీలో ఆయన పిల్లల మనస్తత్వం గురించి పాఠాలు చెబుతాడు. నలభై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. చూసిన ప్రతి సంబంధంలోనూ అమ్మాయి ముఖంలో ఏదో ఒకటి కనిపించి వెనక్కి తగ్గాడు. ఆ అమ్మాయిలకు తన ముఖంలో ఏం కనిపించిందో అడగాలని ఆయనకు తోచలేదు. సాయంత్రాలు కరకట్ట మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను గమనించి, గదికొచ్చి ఒక నోటుబుక్కులో రాసుకుంటాడు. ‘నీలం చొక్కా, యాభై ఏళ్ళు, పైకి నవ్వు, లోపల అపరాధ భావం.’ ఇప్పటిదాకా ఒక్క అంచనా కూడా తప్పలేదు. తప్పకపోవడానికి కారణం, ఏ ఒక్కదాన్నీ ఆయన సరిచూసుకోకపోవడమే.

అలాంటి మనిషి దగ్గరికి, రెండువేల తొమ్మిదిలో చలికాలం మొదలవుతుండగా, శ్రావణి వచ్చింది.

శ్రావణి ఆయన దగ్గర చదివి రెండేళ్ళయింది. బూర్గంపాడు అవతల అడవి అంచున ఒక గూడెం వాళ్ళది. టీచరు ఉద్యోగం ఇంకా రాలేదు కానీ ఒక సర్వే సంస్థలో ఆరు నెలల పని దొరికింది. గూడేల్లో ఇంటింటికీ తిరిగి నింపిన ఫారాలను కంప్యూటర్లోకి ఎక్కించడం. షరతు ఒకటే. లాప్‌టాప్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

“కొత్తది కొనే తాహతు లేదు సార్. ఖమ్మంల సెకండ్ హ్యాండ్‌వి బాగు చేసి అమ్ముతరంట. మాకు తెలిసినోళ్ళల్ల లాప్‌టాప్ ఉన్నది మీకొక్కరికే. జర మీరు వచ్చి చూస్తె…”

నిజానికి వెంకటరామారావుకు లాప్‌టాప్ గురించి తెలిసింది మూత తెరవడం, పాఠాలు టైపు చేయడం, మూత మూయడం. అది కూడా కాలేజీ వాళ్ళు కొనిచ్చింది. కానీ ‘మీకొక్కరికే’ అన్న మాట ఆయన చెవిలో పడింది.

“యంత్రాన్ని చూడక్కర్లేదమ్మా. అమ్మేవాణ్ణి చూస్తే చాలు,” అన్నాడు.

ఆ గురువారం ముగ్గురూ ఖమ్మం బస్సెక్కారు. మూడో మనిషి శ్రావణి తల్లి నాగక్క. సన్నగా, పొట్టిగా ఉంటుంది. చుట్టుపక్కల నాలుగు గూడేల్లో ఎవరు ఎద్దును కొనాలన్నా సంతకు ఆమెను వెంట తీసుకుపోతారు. మొగవాళ్ళు బేరం చేస్తారు, ఆమె ఎద్దు చుట్టూ తిరుగుతుంది. ఆమె తల అడ్డంగా ఊపితే బేరం అక్కడితో సరి.

బస్సులో తల్లీకూతుళ్ళు తమ భాషలో ఏదో మాట్లాడుకుంటూ మధ్యమధ్య ఆయనవైపు చూశారు. వెంకటరామారావుకు ఆ భాష రాదు, కానీ ముఖాలు వచ్చు కదా. గౌరవం, కృతజ్ఞత, కొంచెం బెరుకు, అని మనసులో నోటుబుక్కు తెరిచాడు. ఈయన తిండి తెచ్చుకున్నట్టు లేడు, మన అన్నంలో ఈయనకు కూడా పెట్టాల్సి వస్తుందేమోనని వాళ్ళు అనుకున్నారని చాలా రోజుల తర్వాత శ్రావణి చెప్పింది.

బస్టాండుకు దగ్గర్లో ఒక ఇరుకు మెట్ల మీదుగా పైకి వెళితే మొదటి దుకాణం. లాల్‌సింగ్‌ది. బోర్డు వెలిసిపోయింది. లోపల బల్లనిండా పొట్టలు విప్పిన లాప్‌టాప్‌లు, డబ్బాల్లో మరలు, కాలిన సీసం వాసన. లాల్‌సింగ్ కంటికి భూతద్దం బిగించుకుని పని చేసుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

“ఏం కావాలె?”

“టైపింగుకు అన్నా, ఆరు నెలల పని,” అంది శ్రావణి.

అతను వెనక షెల్ఫులోంచి నల్లటిది ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. పెట్టడం అంటే పెట్టడమే, చూపించడం కాదు.

“ఇది ఒక కంపెనీల మూడేండ్లు పని చేసి వచ్చింది. ముందు దీని ఏబులు వినుండ్రి. ఎడమ దిక్కు యూఎస్‌బీ పని చెయ్యది. బ్యాటరీ గంటంబావు, గంతే. మూత మీద గీత ఉన్నది. స్పీకరు ఒకటే మోగుతది. డిస్కు నేను కొత్తది ఏసిన. బోర్డు విప్పి చూసిన, ఎవడూ చెయ్యి పెట్టలే.”

“మరి వారంటీ?” అన్నాడు వెంకటరామారావు.

“బోర్డుకు, స్క్రీనుకు, డిస్కుకు మూడు నెలలు. బ్యాటరీకి నెల. ఛార్జరుకు వారం. పది రోజుల లోపట ఖరాబైతే మిషినే మారుస్త, పైసలు వాపస్ ఇయ్య. కింద పడేసినా, నీళ్ళు పోసినా నాకు సంబంధం లేదు. కిందున్న నంబరు బిల్లు మీద ఏస్త. ఆ నంబరే లోపల కూడా వస్తది, చూసుకోండి.”

“మూడు నెలల మీద ఒక్కరోజు ఎక్కువైతే?”

“ఎక్కువైతే ఎక్కువైనట్టే సారూ. పంతులు తీరుగ అడుగుతున్నరు, లెక్క రాదా?”

వెంకటరామారావు చెవులు వేడెక్కాయి. వెంటనే రోగ నిర్ధారణ చేశాడు. ఎదుటివాడి కళ్ళలోకి చూడలేడు, అంటే దాపరికం. అడగకుండానే లోపాలు చెబుతున్నాడు, అంటే లోపల భయం. మర్యాద లేదు, అంటే ఆత్మన్యూనత. సరుకు మీద తనకే నమ్మకం లేని మనిషి.

నాగక్క మాత్రం లాప్‌టాప్ చుట్టూ తిరుగుతోంది. మూత తెరిచి మూసింది, అడుగున చెయ్యి పెట్టి వేడి చూసింది, పక్కనున్న కన్నాల దగ్గర చెవి పెట్టింది.

“కొద్దిసేపు నడిపి చూడొచ్చా బిడ్డా?”

“పొద్దూకేదాక నడుపు. ఆ మూల కూసో. నా లైటుకు అడ్డం రాకు.”

“మంచిగనే ఉన్నది,” అంది నాగక్క కూతురితో, తెలుగులోనే.

“వద్దమ్మా,” అని వెంకటరామారావు వాళ్ళను మెట్లు దింపాడు. కిందికొచ్చాక కారణాలు వివరించాడు. కళ్ళు, భయం, ఆత్మన్యూనత. శ్రావణి అలవాటు చొప్పున తల ఊపింది. పరీక్షల్లో అవే రాసి మార్కులు తెచ్చుకున్న పిల్ల.

“ఏబు చెప్పనోని తాన ఎద్దును కొనొద్దంటం మేము. ఈయన చెప్పిండు కద సారూ?” అంది నాగక్క.

“ఎద్దు వేరు, ఎలక్ట్రానిక్స్ వేరు నాగక్కా.”

రెండో దుకాణం పెద్ద రోడ్డు మీద, అద్దాల తలుపుతో ఉంది. లోపల అగరొత్తి వాసన. అనిల్‌కుమార్ ముప్పై ఏళ్ళవాడు, లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. మంచినీళ్ళు, తర్వాత టీ తెప్పించాడు. నాగక్కకు కుర్చీ స్వయంగా జరిపాడు. వెంకటరామారావు బి.ఎడ్. లెక్చరరని తెలియగానే, “మా అక్క కూడా టీచరే సార్. గురువులకు అమ్మేటప్పుడు నేను లాభం చూసుకోను,” అన్నాడు, నేరుగా కళ్ళలోకి చూస్తూ.

వెంకటరామారావుకు ప్రాణం లేచివచ్చింది. స్థిరమైన చూపు, తెరిచిన అరచేతులు, కళ్ళదాకా పాకే నవ్వు. పుస్తకంలో బొమ్మ వేసినట్టున్నాడు.

లాప్‌టాప్ కూడా అలాగే ఉంది. వెండి రంగు, మూత మీద గీత లేదు, కీబోర్డు మీద పాలిథిన్ కాగితం.

“ఇంపోర్టెడ్ మాల్ సార్. ఫుల్ రీఫర్బిష్డ్. దీంట్లో ఒక్క లోపం చూపించండి, దుకాణం రాసిచ్చేస్తా.”

“వారంటీ?”

“లైఫ్‌టైమ్ సర్వీస్ వారంటీ. మీరున్నంత కాలం, నేనున్నంత కాలం.”

అవతల మూడు నెలలు, ఇక్కడ జీవితకాలం. ఈ లెక్క పంతులుగారికి వచ్చు.

నాగక్క తన చుట్టు తిరుగుడు మొదలుపెట్టింది. “ఆ తాడు తియ్యి బిడ్డా. తాడు లేకుండ ఎంతసేపు నడుస్తదో చూస్తం.”

“బ్యాటరీ కొత్తది మేడం. మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టే వాడాలి. ఇప్పుడు తీస్తే దానికే దెబ్బ.”

“అయితే గిట్లనే ఒక గంట నడిపిస్తం. వేడెక్కుతదేమో చూడొద్దా?”

“నమ్మకం లేదా అమ్మా నా మీద?” అన్నాడు అనిల్‌కుమార్. నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడని వెంకటరామారావుకు స్పష్టంగా తెలిసింది. తన వెంట వచ్చిన మనిషి వల్ల ఒక మంచివాడు నొచ్చుకోవడం ఆయనకు సిగ్గనిపించింది.

“నాగక్కా, ఇది సంత కాదమ్మా.”

నాగక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె ముఖంలోకి వెంకటరామారావు చూడలేదు. చూసి ఉంటే అక్కడ చదవాల్సింది చాలా ఉండేది.

బయటికొచ్చాక, లాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకున్న కూతుర్ని చూస్తూ ఆమె మెల్లగా అంది, “ఎద్దును నాగలికి కట్టకుండ సుడులు చూసి కొనేటోళ్ళు ఉంటరు సారూ. నుదుటి మీద సుడి మంచిదని, వీపు మీద సుడి మంచిదని. సుడులు చూసి కొన్నోడు సుడులే దున్నుకుంటడని మా నాయన నవ్వేటోడు.”

“మూఢనమ్మకాలు,” అన్నాడు వెంకటరామారావు, ఆమెతో పూర్తిగా ఏకీభవిస్తూ.

ఎనిమిదో రోజున ఫోను వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి.

“సార్, ముందుగాల స్క్రీను మీద గీతలొచ్చినయ్. తర్వాత నల్లగ అయింది. లోపట ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వస్తున్నది, బొమ్మ లేదు.” శ్రావణి గొంతు నిలకడగానే ఉంది. నిలకడగా ఉంచుకుంటోంది. “శనివారం పొద్దుగాల పన్నెండు ఊళ్ళ ఫారాలు చూపించాలె. తొమ్మిది ఎక్కించిన. అవి దాంట్లనే ఉన్నయ్. చూపించకుంటె లిస్టుల నా తర్వాతోళ్ళను తీసుకుంటరంట.”

“కంగారు పడకు. లైఫ్‌టైమ్ వారంటీ ఉంది,” అన్నాడు వెంకటరామారావు. “ఆ మనిషిని నేను చూశాను కదా.”

శుక్రవారం మొదటి బస్సులో మళ్ళీ ముగ్గురూ బయల్దేరారు. ఈసారి తల్లీకూతుళ్ళు ఏ భాషలోనూ మాట్లాడుకోలేదు. ఆ మౌనాన్ని చదవడానికి ఆయనకు చదువు అవసరం పడలేదు. అయినా మనసు ఊరుకోలేదు. ఏ వస్తువైనా పాడవుతుంది, మనిషి ముఖ్యం, అని తనకు తానే పాఠం చెప్పుకున్నాడు. కొత్తగూడెం దాటేసరికి ఆ విద్యార్థి నిద్రపోయాడు.

అనిల్‌కుమార్ లేచి నిలబడ్డాడు. నమస్కారం, మంచినీళ్ళు, కుర్చీ. అదే నవ్వు. సంగతి విని నిజంగా బాధపడ్డాడు.

“అయ్యో, చూడండి సార్. పాపకు ఎంత ఇబ్బంది. బోర్డు పోయినట్టుంది. బోర్డు తెప్పించాలంటే హైదరాబాదు. పది పదిహేను రోజులు. బోర్డు ఖర్చు మీది, బిగించే కూలీ మాత్రం ఒక్క రూపాయి తీసుకోను. లైఫ్‌టైమ్ సర్వీస్ అన్నాను కదా, సర్వీస్ ఫ్రీ.”

“పార్టులకు లేదా?”

“పార్టులకు టెస్టింగ్ వారంటీ సార్. మీ ముందు ఆన్ చేసి చూపించాం కదా, అది టెస్టింగ్. ఆ రోజు బాగానే పని చేసింది.”

శ్రావణి సంచిలోంచి బిల్లు తీసింది. శ్రావణీ, వెంకటరామారావూ మొదటిసారి దాన్ని చదివారు. అది బిల్లు కాదు. పైన ‘ఎస్టిమేట్’ అని అచ్చువేసి ఉంది. ‘లాప్‌టాప్ - 1’ అని రాసి ఉంది. ఏ లాప్‌టాపో, దాని నంబరేమిటో లేదు. సంతకం ఉండాల్సిన చోట ‘ధన్యవాదాలు, మళ్ళీ రండి’ అని ఉంది.

వెంకటరామారావు అనిల్‌కుమార్ ముఖంలోకి చూశాడు. ఎక్కడైనా కపటం దొరుకుతుందేమోనని వెతికాడు. దొరికితే ఎంత బాగుండేది. మొదటిసారి పొరపాటున చదవలేకపోయానని సరిపెట్టుకునేవాడు. లేదు. చూపు స్థిరంగానే ఉంది, నవ్వు కళ్ళదాకానే పాకుతోంది.

“అసలు మీరు దీన్ని విప్పి చూశారా, అమ్మే ముందు?” అని అడిగాడు.

“ఎందుకు సార్ విప్పడం? లాట్‌లో ఎలా వస్తే అలాగే. తుడిచి, కాగితం అంటిస్తాం. నాకు పంపేవాడు చాలా మంచివాడు సార్, నాలుగేళ్ళుగా తెలుసు. చాలా మంచి మనిషి.”

వెంకటరామారావుకు ఒక్కసారిగా అద్దంలో చూసుకున్నట్టయింది. ఈ కుర్రవాడు అబద్ధాలకోరు కాదు. తనలాంటివాడే. పంపేవాడి ముఖం చూసి వీడు కొన్నాడు, వీడి ముఖం చూసి తను కొన్నాడు. ఆ పంపేవాడు కూడా ఎవరో చాలా మంచి మనిషి దగ్గరే కొని ఉంటాడు. ఇంతమంది మంచివాళ్ళ చేతులు మారిన లాప్‌టాప్‌ను మూత విప్పి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

తన అంచనా తప్పలేదు. మనిషిని సరిగ్గానే చదివాడు. ఎటొచ్చీ శనివారం పొద్దున శ్రావణి చూపించాల్సింది అనిల్‌కుమార్‌ను కాదు.

“టీ చెప్పమంటారా సార్?”

“వద్దు,” అంది నాగక్క. ఆ రోజు ఆమె అన్న మొదటి మాట అదే. అద్దాల తలుపు తోసుకుని ఆమె నడిస్తే మిగతా ఇద్దరూ వెనకాలే నడిచారు. ఎటు పోతున్నామని ఎవరూ అడగలేదు.

ఇరుకు మెట్లు. కాలిన సీసం వాసన. లాల్‌సింగ్ తల ఎత్తలేదు.

“లైటుకు అడ్డం,” అన్నాడు.

శ్రావణి వెండి రంగు లాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి సంగతి చెప్పింది. అతను నాలుగు మరలు తిప్పి, మూత లేపి, భూతద్దంతో చూశాడు. “వేడి పెట్టిండ్రు,” అన్నాడు.

“అంటే?”

“చిప్పు కింద సీసం టాంకా ఇడిసిపెడితే బొమ్మ రాదు. వేడిగాలి కొడితె మెత్తబడి మళ్ళ అతుకుతది. పది దినాలో, నెలో నడుస్తది. మళ్ళ ఇడుస్తది. ఇగో, చుట్టూ నల్లగైంది చూడుండ్రి. ఈ అడుగు మీద నంబరు ఒకటి, బోర్డు మీద అంటించిన నంబరు ఒకటి. రెండు మిషిన్లను కలిపి ఒకటి చేసిండ్రు.”

“మేము కొనేముందు గంట నడిపి చూసి ఉంటే తెలిసేదా?” అన్నాడు వెంకటరామారావు. ‘మేము’ అన్నాడు, ‘నేను’ అనలేకపోయాడు.

“తెలవచ్చు, తెలవకపోవచ్చు. గంటకు అన్ని బయటపడితె ఇగ వారంటీ ఎందుకు? బయటపడని దానికే వారంటీ. గది కాయితం మీద ఉండాలె, నంబరు తోని.”

“మళ్ళీ వేడి పెట్టి నడిపించగలవా? రేపటికి?”

“నడిపిస్త. రేపు పొద్దుగాలనే మళ్ళ పోతె మీకు మొహం ఎట్ల చూపిస్త? నేను చెయ్య.” మొహమాటం లేకుండా అన్నాడు. తర్వాత వేరే మరలు తిప్పి, లోపలి నుంచి అరచేతి కంటే చిన్న పెట్టె ఒకటి లాగాడు. “డిస్కు బతికే ఉన్నట్టుంది. ఇంకోదానికి తగిలిస్త.”

షెల్ఫులోంచి నల్ల లాప్‌టాప్ దిగింది. అదే. మూత మీద గీత. ఎనిమిది రోజులుగా అక్కడే ఉంది.

“ఇంకా అమ్ముడు పోలేదా?” అని శ్రావణి ఆశ్చర్యపోయింది.

“ఏబులు చెప్తె ఎవడు కొంటడు? మీ అసొంటోళ్ళు ఇని కిందికి దిగి పోతరు. పది దినాలైనంక పాడైంది పట్టుకుని మళ్ళ ఎక్కుతరు. ఈ మెట్లు అట్లనే అరిగినయ్.”

కుడివైపు యూఎస్‌బీకి ఒక తీగతో డిస్కును తగిలించాడు. శ్రావణి ముందుకు వంగింది. ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆమె వేలితో లెక్కపెట్టింది. తొమ్మిది ఊళ్ళు. అన్నింటినీ నల్లదాంట్లోకి దింపుకుంది.

“పెన్‌డ్రైవ్‌ల ఏసుకోవా ఏ రోజుదారోజు?” అని లాల్‌సింగ్ కసిరాడు. “మిషినుకు నేను వారంటీ ఇస్త. దాని లోపటి దానికి ఎవడూ ఇయ్యడు. నేను కూడ ఇయ్య.”

తర్వాత ధర మాట వచ్చింది. పాడైన దాని స్క్రీను, మెమరీ, డిస్కు పనికొస్తాయని లాల్‌సింగ్ కొంత తగ్గించాడు. మిగిలింది తాను పెట్టుకుంటానని వెంకటరామారావు జేబులో చెయ్యి పెట్టాడు. పశ్చాత్తాపం మొత్తంగా చెల్లిస్తే తేలికవుతుందని ఆయన లెక్క.

“సగం,” అంది నాగక్క.

“లేదు నాగక్కా, తప్పంతా నాదే.”

“సుడులు చూసింది మీరు. చూడనిచ్చింది మేము. సగం.” అంతటితో బేరం సరి అన్నట్టు తల ఊపింది. తర్వాత లాల్‌సింగ్ వైపు తిరిగింది. “బిడ్డా, ఇప్పుడు కడత దీన్ని నాగలికి.”

“ఏంది?”

“సంతల ఎద్దును కొంటె ఉత్త నాగలి కట్టి చూడం. మా చెల్కల్నే దున్నిస్తం. దున్నితె మా పని అయినట్టు, దున్నకుంటె దానిది తేలినట్టు. మా పిల్లకు ఇంక మూడూళ్ళు ఉన్నయ్. గీడనే కూసుండి ఎక్కిస్తది. నీ సామాను నడుస్తదో లేదో నువ్వూ చూడు.”

లాల్‌సింగ్ మొదటిసారి భూతద్దం తీశాడు. ఆమెను ఎగాదిగా చూశాడు. “కరెంటు బిల్లు నీ తాత కడతడా అక్కా?”

“తాడు తీసే ఇయ్యి. గంటంబావు అన్నవు కద.”

అతను ఛార్జరు పీకి పక్కన పడేశాడు. శ్రావణి సంచిలో సర్వే వాళ్ళిచ్చిన సీడీ ఉంది, ఫారాల కట్ట ఉంది. మూల కుర్చీలో కూర్చుని ప్రోగ్రాం ఎక్కించుకుంది. పదకొండున్నరకు మొదటి ఫారం మొదలైంది.

వెంకటరామారావుకు చేయడానికి పని లేదు. నాగక్క కాసేపటికొకసారి లాప్‌టాప్ కింద చెయ్యి పెట్టి వేడి చూస్తోంది. లాల్‌సింగ్ తన మరల్లో పడ్డాడు. ఆయన అలవాటు కొద్దీ లాల్‌సింగ్ ముఖంలో వెతకడం మొదలుపెట్టాడు. ఈ కరుకుదనం వెనక దాగిన మెత్తటి హృదయం ఎక్కడో ఉండాలి. చిన్నప్పుడు మోసపోయి ఉండాలి. అందుకే నిజాయితీ పట్టుకుని ఉండాలి.

“మీరు ఇంత నిక్కచ్చిగా వారంటీ రాసిస్తారు కదా,” అని మెల్లగా కదిపాడు. “దీని వెనక ఏదో అనుభవం…”

“అనుభవం గినుభవం ఏం లేదు సారూ. కాయితం మీద రాసినంక ఖరాబైతె నా జేబు పోతది. గందుకే అమ్మేముందు నేనే విప్పి, దంచి చూస్త. రాయకపోతె నేను కూడ తుడిచి కాగితం అంటిస్త. ఎవనికి కష్టం చేద్దామని ఉంటది?” మళ్ళీ భూతద్దం పెట్టుకున్నాడు. “జర అటు జరుగుండ్రి. లైటు.”

మెత్తటి హృదయం లేదు. ఉన్నా లైటుకు అడ్డంగా ఉండి ఉంటుంది. వెంకటరామారావు జరిగాడు.

అప్పుడు చేసేదేమీ లేక ఆయన స్క్రీను అడుగున మూల ఉన్న చిన్న బ్యాటరీ బొమ్మను చూస్తూ కూర్చున్నాడు. వందలో ఎనభై. డెబ్బై రెండు. అరవై. దానికి కళ్ళు లేవు, నవ్వు లేదు. తగ్గాల్సినంత తగ్గుతోంది, ఎంత తగ్గిందో చెబుతోంది. ఇంత సేపు ఒక వస్తువును ఏ అర్థమూ తీయకుండా చూడడం ఆయన జీవితంలో మొదటిసారి. కొంచెం విసుగ్గా, చాలా హాయిగా ఉంది.

పన్నెండు యాభైకి బొమ్మ ఎర్రబడింది. గంటా ఇరవై నిమిషాలు.

“అయిదు నిమిషాలు ఎక్కువొచ్చింది,” అన్నాడు వెంకటరామారావు, తానే తయారుచేసినంత గర్వంగా.

“ఎక్కువ పైసలు ఇస్తరా మరి?” అని లాల్‌సింగ్ ఛార్జరు విసిరాడు.

నాగక్క అన్నం మూట విప్పింది. చింతపండు పచ్చడి, కూర. మూడు ముద్దలుగా కాక నాలుగుగా పంచింది. లాల్‌సింగ్ వద్దన్నాడు, తర్వాత తిన్నాడు, పచ్చట్లో ఉప్పెక్కువన్నాడు. ఏబులు చెప్పే అలవాటు.

నాలుగున్నరకు మూడో ఊరు ముగిసింది. ఆ అయిదు గంటల్లో లాప్‌టాప్ ఆగలేదు, గీతలు రాలేదు. లాల్‌సింగ్ అడుగున ఉన్న నంబరు చదివి, తెర మీద అదే నంబరు తీసి చూపించి, బిల్లు మీద వేశాడు. దేనికి ఎన్నాళ్ళో వరుసగా రాశాడు. దేనికి లేదో కూడా రాశాడు. సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. బిల్లును శ్రావణి చదివింది, నాగక్కకు చదివి వినిపించింది. వెంకటరామారావు కూడా చదివాడు, రెండుసార్లు, వెనక వైపు కూడా. అయిదు గంటల బస్సెక్కారు.

శనివారం పొద్దున శ్రావణి పన్నెండు ఊళ్ళూ చూపించింది. లిస్టులో ఆమె తర్వాతివాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు.

కథ ఇక్కడ ముగిస్తే లాల్‌సింగ్ అమ్మిన లాప్‌టాప్ కల్పవృక్షమైపోతుంది. అదేం కాదు. నలభయ్యో రోజున డిస్కు టకటక కొట్టుకోవడం మొదలుపెట్టింది. శ్రావణి ఒక్కతే బిల్లు పట్టుకుని ఖమ్మం వెళ్ళింది. లాల్‌సింగ్ ఆమె మీద అరిచాడు, డిస్కు తయారుచేసినవాడి మీద అరిచాడు, అరుస్తూనే కొత్తది వేసి తేదీ రాసిచ్చాడు. వారంటీ కొత్తగా మొదలవుతుందా అని ఆమె అడిగితే, “డిస్కుకు మూడు నెలలు మళ్ళ. మిగతాదానికి పాత తారీఖే,” అన్నాడట. పోయిన పని ఏమీ లేదు. ఏ రోజుదారోజు పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటోంది.

ఆ సంగతి చెప్పడానికి తల్లీకూతుళ్ళు ఒక సాయంత్రం కరకట్ట దగ్గరికొచ్చారు. నోటుబుక్కు ఆయన పక్కనే ఉంది కానీ తెరిచి లేదు. నీలం చొక్కా మనిషి ఒకడు నవ్వుతూ పోతున్నాడు. పోనిచ్చాడు.

“సారూ, నాకొక ఫోను కావాలె,” అంది నాగక్క. “పాతదే. బిడ్డ పని మీద తిరుగుతది, మాట్లాడనీకి. ఖమ్మం పోతున్నం, మీరూ వస్తరా?”

వెంకటరామారావు నోటుబుక్కును పక్కకు నెట్టాడు.

“వస్తాను. కానీ ముందు నా ఏబులు చెబుతాను. నాకు ఫోన్ల గురించి తెలియదు. మనుషుల గురించి తెలుసనుకుంటాను, అది ఇంకా ప్రమాదం. ఎవరైనా టీ ఇస్తే కరిగిపోతాను. అన్నం తెచ్చుకోను.”

నాగక్క ఆయన చుట్టూ తిరగలేదు కానీ, ఎద్దును చూసినట్టే కిందినుంచి పైదాకా చూసింది.

“మరి వారంటీ?”

“బస్టాండు దాకా.”

“మంచిదే,” అంది ఆమె, కూతురితో తమ భాషలో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. అది గౌరవమో, ఇంకేమైనానో, వెంకటరామారావు ఊహించలేదు.

“ఏమంటోంది మీ అమ్మ?” అని శ్రావణినే అడిగాడు.

“అన్నం నాలుగు ముద్దలు కట్టాలె అంటున్నది సార్. మీకు రెండంట.”